సంధి చెల్లదన్నంత మాత్రాన సరిపోతుందా?

మా సంఘం తెనాలిలో జరుపుకునే నెలవారీ గోష్ఠిలో ఇటీవల రేపల్లె నుంచి వచ్చిన ఒక యువకుడు కథ చదివాడు. మలయా రబ్బరు తోటకు కూలీగా వెళ్ళిన ఒక తెలుగువాణ్ణి యుద్ధకాలంలో జపాను సైన్యం పట్టుకుపోయి సయాం-బర్మా రైలుమార్గం పనిలో పెడుతుంది. అతను తిరిగిరాడు. అతని మనమరాలు తెనాలి కోర్టులో జపాను దేశంమీద దావా వేస్తుంది. మన ప్రభుత్వం జపానుతో చేసుకున్న శాంతి సంధిలో ఇటువంటి క్లెయిములన్నీ వదులుకున్నామని రాసివుందని అవతలి వకీలు వాదిస్తాడు. న్యాయమూర్తి లేచి నిలబడి, మానవజాతి శాసనం సంధులన్నిటికంటె పైది, బానిసత్వాన్ని మాఫీచేసే సంధి చెల్లదు, అని తీర్పు చెబుతాడు. కథ అక్కడ ముగుస్తుంది. చప్పట్లు గట్టిగానే మోగాయి.

బాపట్లలో చాలాకాలం వకాల్తాలు పుచ్చుకున్నవాణ్ణి గనక నాకు మాత్రం ఆ ముగింపు గొంతు దిగలేదు. "ఆ తీర్పు అలా రాదబ్బాయ్" అన్నాను. "చట్టం బలవంతుడి పక్షమే గదండీ లాయరుగారూ, మీరు కొత్తగా చెప్పేదేముంది?" అన్నాడతను. నేను చెప్పదలచుకున్నది అది కాదు. అతను రాసిన నియమం నిజంగానే వుంది; కల్పించింది కాదు. అయితే ఆ నియమం ఎంతదూరం పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది అతనికి తెలియదు. ఆగిపోయే ఆ చోటే అసలు కథ. స్టేషనుకు నడిచేదాకా మాట్లాడుకున్నాం. అతని రేపల్లె బండి ముందు వచ్చింది. మిగిలిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రైలుమార్గం సంగతి. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబరుకల్లా సయాములోని బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజయాత్ దాకా 415 కిలోమీటర్ల దారి అడవినీ కొండనూ కొట్టి వేయించింది జపాను సైన్యం. యుద్ధఖైదీలైన తెల్ల సైనికుల కష్టాలు సినిమాలకెక్కాయి. వాళ్ళు సుమారు 60 వేలమంది. ఆసియా కూలీలు అంతకు మూడురెట్ల పైమాటే. బర్మీయులు, జావావాళ్ళు, మలయా తోటల నుంచి తెచ్చిన తమిళులు, వారితోబాటు తెలుగువాళ్ళు. వీరిలో 90 వేలమందిదాకా చనిపోయారని ఒక అంచనా. అంచనా అనే అనాలి. సైనికులకు హాజరుపట్టీ వుంది, కూలీకి లేదు. 1943 వానల్లో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడాదే ఫిబ్రవరిలో, తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన, మన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తెనాలిలో జరిగింది. ఆ సమయానికి అక్కడ కట్టలు తవ్వుతున్న మనవాళ్ళ సంగతి ఇక్కడికి చేరే మార్గం లేదు. (మలయా వెళ్ళిన తెలుగువాళ్ళలో ఎక్కువమంది విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలవాళ్ళు. కథలో రేపల్లె తాలూకా మనిషిని పెట్టినందుకు నాకు అభ్యంతరం లేదుగాని, రచయిత ఇది తెలిసి రాస్తే మంచిది.)

ఇక సంధి. 1951 శాన్ ఫ్రాన్సిస్కో సంధిలో భారతదేశం చేరలేదు. 1952 జూన్ 9న టోక్యోలో విడిగా శాంతి సంధి చేసుకుంది. దాని ఆరో అధికరణంలో రెండు మాటలున్నాయి. యుద్ధ నష్టపరిహారాన్ని భారత్ వదులుకుంటుంది. యుద్ధం సాగించే క్రమంలో జపాను, దాని పౌరులు చేసిన పనులవల్ల భారతదేశానికీ భారత పౌరులకూ కలిగిన క్లెయిములన్నిటినీ, సంధిలో మరోవిధంగా చెప్పినవి మినహా, వదులుకుంటుంది. ఓడిన ఆసియా దేశంపట్ల ఔదార్యమని దీన్ని ఆనాడు మెచ్చుకున్నారు. ఔదార్యమే. కాని ఇచ్చినవాడెవడు, ఎవడి సొమ్ములోంచి ఇచ్చాడు అన్న ప్రశ్న మాత్రం మిగిలేవుంది.

మన యువకుడు ఆశ్రయించిన నియమాన్ని అంతర్జాతీయ న్యాయశాస్త్రంలో లాటిన్ మాటతో జస్ కోజెన్స్ అంటారు. తెలుగులో అనుల్లంఘనీయ నియమం అందాం. మామూలు అంతర్జాతీయ నియమాలను ఏ రెండు దేశాలైనా తమ మధ్యవరకు ఒప్పందంతో మార్చుకోవచ్చు. చేపలవేట హద్దు, సుంకాల రేటు, అటువంటివి. రెండు సంధులు ఒకదానికొకటి అడ్డం వస్తే ఏది ముందు, ఏది తర్వాత, ఎవరెవరి మధ్య అని చూసి సర్దుతారు. ఓడిన సంధి కూడా చచ్చిపోదు, ఆ మేరకు పక్కకు తప్పుకుంటుంది, అంతే. అనుల్లంఘనీయ నియమంతో ఢీకొన్న సంధి గతి వేరు. 1969 వియన్నా కన్వెన్షన్ 53వ అధికరణం ప్రకారం అది పుట్టుకతోనే చెల్లదు. 64వ అధికరణం ప్రకారం, సంధి చేసుకున్న తర్వాత అటువంటి నియమం కొత్తగా వెలసినా, వెలసిన నాటినుంచి సంధి రద్దవుతుంది. వియన్నాలో ఈ అధికరణాలను పట్టుబట్టి సమర్థించినవాళ్ళలో సోషలిస్టు దేశాలు, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాలు ముందున్నాయి, ఫ్రాన్సు వ్యతిరేకించింది. నిన్నటిదాకా అసమాన సంధులకింద నలిగినవాళ్ళకు ఈ నియమంలో ఒక ఆయుధం కనిపించింది.

ఏవి ఆ నియమాలు? కన్వెన్షన్‌లో జాబితా లేదు. 2022లో ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ ఒక జాబితా ఇచ్చింది, ఇదే సంపూర్ణం కాదంటూ. దురాక్రమణ, జాతి నిర్మూలనం, చిత్రహింసల నిషేధాలతోబాటు బానిసత్వ నిషేధం అందులో వుంది.

ఈ నియమం సంధిని ఎలా కొడుతుందో చూపడానికి రెండు ఉదాహరణలు చాలు. మొదటిది నూరెంబర్గులో క్రుప్ ఆయుధాల కంపెనీమీద జరిగిన విచారణ. ఫ్రెంచి యుద్ధఖైదీలచేత ఆయుధాల కర్మాగారాల్లో పని చేయించుకున్నారన్న ఆరోపణకు ముద్దాయిల జవాబు, ఫ్రాన్సులోని విషీ ప్రభుత్వమే అందుకు ఒప్పుకుందని. అటువంటి ఒప్పందం వున్నదనడానికి నమ్మదగిన సాక్ష్యం లేదన్నది 1948 తీర్పు; వుండివున్నా అది నీతిబాహ్యం గనక చెల్లేది కాదని కూడా అన్నది. ఇది వియన్నాకు 21 ఏళ్ళ ముందుమాట.

రెండోది ఇంకా విచిత్రమైనది. దక్షిణ అమెరికాలోని సురినాంలో, తోటల నుంచి పారిపోయి అడవిలో స్వతంత్రంగా బతికిన నీగ్రో బానిసల సంతతి సరమాకా జనం. డచ్చివాళ్ళు ఓడించలేక 1762లో వాళ్ళతో సంధి చేసుకున్నారు. రెండు శతాబ్దాల తర్వాత సురినాం సైనికులు కొందరు సరమాకాలను చంపినప్పుడు, అలోయెబోయెటో కేసని పిలిచే ఆ వ్యవహారం అంతర్-అమెరికా మానవహక్కుల కోర్టుకు వెళ్ళింది. సరమాకాల స్వయంపాలనకు ఆధారంగా వారి పక్షంవాళ్ళే ఆ పాత సంధిని చూపించారు. 1993 సెప్టెంబరులో కోర్టు ఆ సంధిని తిరగేసి చూసింది. అందులో సరమాకాలు కొత్తగా పారిపోయివచ్చిన బానిసలను పట్టి అప్పజెప్పాలి, అందుకు తలకింత ఇస్తారు. ఇటువంటి సంధి తరువాత వచ్చిన అనుల్లంఘనీయ నియమానికి విరుద్ధం, మానవహక్కుల కోర్టులో దీన్ని ఎత్తడానికే వీల్లేదు అని కోర్టు పక్కనపెట్టింది. పీడితులకు పనికివచ్చే షరతు కూడా పీడించే షరతుతోబాటే పోయింది. నిజానికి వియన్నా కన్వెన్షన్‌లో పుట్టుకతో చెల్లని సంధిని ముక్కలుగా విడదీయరాదని వుందిగాని, తర్వాత వచ్చిన నియమంవల్ల చెడిన సంధిలో మంచి ముక్కను మిగుల్చుకునే వీలుంది. కోర్టు ఆ శ్రమ తీసుకోలేదు. ఈ నియమం పీడితుడి చేతిలో కూడా రెండువైపులా పదునున్న కత్తేనని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన 1952 సంధిని ఈ రెంటి పక్కన పెట్టి చూడండి. ఫ్రెంచి ఖైదీల ఒప్పందం, వుండివుంటే, తప్పు పని చెయ్యమని అనుమతించే ఒప్పందం. సరమాకాల సంధి తప్పు పని చెయ్యమని ఆజ్ఞాపించే సంధి. టోక్యో సంధి కూలీలను పట్టుకుపొమ్మని అనలేదు. జరిగిపోయిన దానికి లెక్క అడగమని మాత్రమే అన్నది. బానిసత్వం నిషిద్ధం అన్న నియమం ఒకటి. బానిసగా పనిచేసిన ప్రతివాడికీ పరిహారం ఇచ్చితీరాలి, ఏ ప్రభుత్వమూ దాన్ని వదులుకోరాదు అన్న నియమం మరొకటి. మొదటిది అనుల్లంఘనీయమని అందరూ ఒప్పుకుంటారు. రెండోది అంతటిదని చెప్పడానికి ఆధారం దొరకదు. ఒక శతాబ్దంపాటు ప్రపంచంలోని శాంతి సంధులు దాదాపు అన్నీ గుండుగుత్తగా ఇచ్చిపుచ్చుకున్నవో, అసలు వదిలేసుకున్నవో అయినప్పుడు అటువంటి నియమం వుందని ఎలా అనగలమని అంతర్జాతీయ న్యాయస్థానం 2012లో అడిగింది. ఆ ప్రశ్నకు కథలోని న్యాయమూర్తి జవాబు చెప్పాలి. చప్పట్లకోసం దాటవేయరాదు.

ఇంకొక చిక్కు. సంధి చెల్లదని ఎవరు అనగలరు? వియన్నా పద్ధతి ప్రకారం సంధిలో పక్షమైన రాజ్యం రెండో రాజ్యానికి నోటీసిచ్చి, ఒప్పుకోకపోతే హేగులోని న్యాయస్థానానికి పోవాలి. మనమరాలు పక్షం కాదు. భారతదేశం ఆ కన్వెన్షన్‌లో చేరనేలేదు, మన కోర్టులు అందులోని సూత్రాలను ఆచారంగా గౌరవించినా. హేగు న్యాయస్థానం ఇంతవరకు ఒక్క సంధినైనా ఈ కారణంగా చెల్లదని ప్రకటించలేదు.

అయినా వాదనకోసం సంధి అడ్డు తొలగిందనుకుందాం. అప్పుడు రెండో గోడ వస్తుంది. ఒక సార్వభౌమ రాజ్యాన్ని మరొక రాజ్యపు కోర్టు విచారించరాదన్న నియమం అది. దీన్ని స్టేట్ ఇమ్యూనిటీ అంటారు. వ్యాపారం చేసిన రాజ్యాన్ని వ్యాపారిలాగే చూడవచ్చని ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని సడలించారుగాని, సైన్యం నడిపిన రాజ్యానికి ఇమ్యూనిటీ అలాగే వుంది. బానిసత్వ నిషేధం అంత పెద్ద నియమమైతే ఈ చిన్న నియమం దాని ముందు నిలుస్తుందా? ముప్పైయేళ్ళుగా నలుగుతున్న తగాదా ఇది.

లూయీజీ ఫెరీని అనే ఇటాలియన్ను 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం పట్టుకుని జర్మనీ తీసుకుపోయి ఆయుధాల ఫ్యాక్టరీలో పని చేయించింది. అతను తన దేశపు కోర్టులోనే జర్మనీమీద దావా వేశాడు. కింది కోర్టులు ఇమ్యూనిటీ వుందని కొట్టేశాయి. 2004 మార్చిలో ఇటలీ కసేషన్ కోర్టు అతని పక్షాన నిలిచింది. తర్కం సూటిగా వుంది: నియమాల్లో పైమెట్టు, కిందిమెట్టు వున్నప్పుడు, ఢీకొంటే కిందిది తప్పుకోవాలి. మన కథలోని న్యాయమూర్తి మాట అచ్చంగా ఇదే. జర్మనీ హేగుకు వెళ్ళింది. 2012 ఫిబ్రవరి 3న న్యాయస్థానం 12 మంది ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా, ఇటలీ తప్పు చేసిందని తేల్చింది.

ఆ తీర్పులోని కీలకం మన తెనాలి జంక్షను చూసినవాళ్ళకు తేలిగ్గా అర్థమవుతుంది. రెండు బళ్ళు ఢీకొనాలంటే ఒకే పట్టాలమీద వుండాలి. బానిసత్వ నిషేధం ఫలానా పని తప్పు అని చెబుతుంది. ఇమ్యూనిటీ ఆ పని ఒప్పో తప్పో చెప్పదు. ఆ ప్రశ్నను ఈ కోర్టు విచారించవచ్చునా లేదా అని మాత్రమే చెబుతుంది. గుంటూరు వైపు పోయే బండికి రేపల్లె బండి అడ్డమెలా వస్తుంది? ఢీ లేనప్పుడు పైమెట్టు, కిందిమెట్టు ప్రశ్నే రాదు. తప్పు తప్పుగానే వుంటుంది, బాధ్యత బాధ్యతగానే వుంటుంది. ఈ కోర్టులో మాత్రం అడగరాదు.

తర్కంగా దీనికి వంక పెట్టడం కష్టం. నేను చాలాసార్లు ప్రయత్నించాను. అయితే ఇది న్యాయంగా నిలవాలంటే అడగడానికి మరొక చోటు వుండాలి. గుంటూరు బండి వేరే పట్టాలమీద పోతుందనడం బాగానే వుంది, ఆ పట్టాలమీద బండి నడిస్తే గదా! విభేదించిన ముగ్గురిలో ఒకరైన సోమాలియా న్యాయమూర్తి యూసఫ్ పట్టుకున్నది ఈ అంశాన్నే: బాధితుడికి ఇంకే దారీ లేనప్పుడు ఇమ్యూనిటీ వెనక్కు తగ్గాలి. బ్రెజిల్ న్యాయమూర్తి కన్సాదో త్రిందాదే ఇంకా ముందుకు వెళ్ళి, ఇటువంటి నేరాలు అసలు రాజ్యకార్యాలే కావన్నాడు. ఫెరీని లాంటి కొందరికీ, జర్మనీ చెరపట్టిన ఇటాలియన్ సైనికులకూ పరిహారం అందలేదని ఎక్కువమంది న్యాయమూర్తులకూ తెలుసు. సైనికులు యుద్ధఖైదీలు గనక కూలీల పరిహారం వర్తించదని జర్మనీ అన్నది. అంతకుముందు నాజీలు వాళ్ళను యుద్ధఖైదీలుగా గుర్తించనే లేదు. దీనిమీద న్యాయస్థానం ఆశ్చర్యాన్నీ విచారాన్నీ వెలిబుచ్చి, జర్మనీ గెలిచిందని చెప్పింది. 2014 అక్టోబరులో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం, కోర్టుకెక్కే హక్కు మా రాజ్యాంగపు పునాది గనక ఆ ఇమ్యూనిటీ మా ఇంట్లోకి రాదని తిరగబడింది. 2022లో జర్మనీ మళ్ళీ హేగు తలుపు తట్టింది. ఇటలీ ప్రభుత్వం తన ఖజానా నుంచే బాధితులకోసం నిధి ఏర్పరిచింది. నేరం చేసిందొకరు, డబ్బు పెట్టేదొకరు.

మనకు మరింత దగ్గరైనది కొరియా. జపాను సైన్యం లైంగిక బానిసత్వంలో వుంచిన స్త్రీలు వేసిన దావాలో 2021 జనవరి 8న సియోల్ కోర్టు జపానుకు ఇమ్యూనిటీ లేదన్నది. మూడు నెలలకే, ఏప్రిల్‌లో, అదే కోర్టులో మరో బెంచి మరో దావాను ఇమ్యూనిటీ వుందని కొట్టేసింది. 2023 నవంబరు 23న హైకోర్టు దాన్ని తిరగవేసి స్త్రీలను గెలిపించింది. ఎలా గెలిపించిందన్నది ముఖ్యం. అనుల్లంఘనీయ నియమం పెద్దది గనక ఇమ్యూనిటీ పడిపోవాలి అన్న దారిన కాదు. తన గడ్డమీద జరిగిన అన్యాయంపట్ల విదేశానికి ఇమ్యూనిటీ వుండదన్న ఆచారం ఏర్పడుతున్నదనే దారిన. ఆ స్త్రీలను పట్టుకుపోయింది కొరియా గడ్డమీది నుంచి.

మన మనమరాలికి ఆ దారి కూడా లేదు. తాత కూలీ చేసింది సయాములో, చనిపోయింది బహుశా బర్మా సరిహద్దులో. తెనాలి కోర్టుకు ఆ గడ్డ పరాయిది. కొరియా సుప్రీంకోర్టు 2018లో చేసినట్టు జపాను కంపెనీలమీద తీర్పు చెప్పించుకుందామంటే, కంపెనీకి ఇమ్యూనిటీ లేని మాట నిజమే. కాని ఆ రైలుదారి పని సైన్యం అజమాయిషీలో జరిగింది.

పైగా తెనాలి కోర్టులో దావా అంతదూరం నడవదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ రాజ్యంమీద దావా వెయ్యాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా సమ్మతించాలి. సమ్మతి కాగితం లేకపోతే జడ్జిగారు సంధిదాకా రారు, అనుల్లంఘనీయ నియమందాకా రారు. కాబట్టి మనమరాలు మొదట ఎక్కవలసింది బోను కాదు. ఢిల్లీకి ఒక దరఖాస్తు పంపాలి. ఆ దరఖాస్తును పరిశీలించేది 1952లో ఆ క్లెయిములను వదులుకున్న ప్రభుత్వమే. ఇందులో ఒక్క సందు వుంది. ఢిల్లీలోని అల్జీరియా రాయబార కార్యాలయంలో పనిచేసి డబ్బు రాని ఒక కాంట్రాక్టరు కేసులో సుప్రీంకోర్టు 1986లో, ఈ సమ్మతిని ప్రభుత్వం తన ఇష్టమొచ్చినట్టు నిరాకరించరాదు, కారణాలు చెప్పాలి, న్యాయంగా ఆలోచించాలి అన్నది. అది మరమ్మతుల బిల్లు వ్యవహారం. శవాల లెక్క కాదు. అయినా కారణం చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వంమీద పడింది.

2022లో న్యాయ కమిషన్ అనుల్లంఘనీయ నియమాలగురించి తన సూత్రాలను ఖరారుచేసినప్పుడు ఇమ్యూనిటీ ప్రశ్నను అందులో చేర్చకుండా వదిలేసింది. తగాదా తేలలేదు. హేగు తీర్పు ఒకవైపు, రోమ్, సియోల్ కోర్టులు మరోవైపు.

రేపల్లె యువకుడికి నేను ఉత్తరం రాశాను. న్యాయమూర్తి ఉపన్యాసం తీసెయ్యమన్నాను. దాని స్థానంలో ఢిల్లీ నుంచి వచ్చే జవాబు కాగితం పెట్టమన్నాను. కారణం చెప్పే కాగితం, ఏ గుమాస్తా అయినా రాయగల నాలుగు వాక్యాలు. అతను పదిరోజుల తర్వాత జవాబిచ్చాడు. ఆ నాలుగు వాక్యాలు రాయడం తనవల్ల కావడంలేదనీ, ప్రభుత్వం ఏ కారణం చెబుతుందో తనకు వూహకు అందడంలేదనీ రాశాడు.